కాలిగోటి ఫంగస్: మందు రాసే పద్ధతి, ఆపే సమయం



రెండేళ్ల క్రితం దీపావళి వెళ్లిన వారానికి మన షోలాపూర్ తూర్పు భాగం నుంచి ఒకాయన నా దగ్గరకు వచ్చారు. వయసు యాభై దాటింది. నూలుకు రంగులద్దే కార్ఖానాలో పని. రోజుకు ఎనిమిది గంటలు రబ్బరు బూట్లలో, తడిలో నిలబడతారు. కుర్చీలో కూర్చుని ఎడమకాలి బొటనవేలు చూపించారు. గోరు కొస పసుపు పచ్చగా మారి, మందంగా లేచి ఉంది. గోటి కింద తవుడులాంటి పొడి. జేబులోంచి ఖాళీ అయిన రెండు మలాము ట్యూబులు తీసి బల్ల మీద పెట్టారు.

"డాక్టర్ సాబ్, మూడు నెలల సంది రాస్తున్న. గోరు ఇసుమంత గూడ మారలే" అన్నారు.

ఆ ట్యూబుల మీద పేరు చూశాను. ఫంగస్‌కు వాడే మందే. మందులో తప్పు లేదు. రాసిన చోటు తప్పు. ఈనాటి ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. కాలిగోటి ఫంగస్‌కు మందు ఎక్కడ రాయాలి, రాసే ముందు గోటిని ఎందుకు అరగదీయాలి, ఎన్నాళ్లు రాయాలి. ఆయన కథతో పాటే ఈ మూడూ చెబుతాను.

ముందు జబ్బు ఎక్కడుంటుందో చూద్దాం. ఎక్కువమందిలో ఈ ఫంగస్ మొదట వేళ్ల సందుల్లోనో, అరికాలి చర్మం మీదనో చేరుతుంది. అక్కడి నుంచి గోటి కొస కిందికి, లేదా గోటి పక్కకు దూరి, మెల్లగా వేలి మొదలు వైపు పాకుతుంది. అంటే అది గోటి మీద కాదు, గోటికీ కింది చర్మానికీ మధ్య కాపురం ఉంటుంది. గోరు దాని మీద కప్పిన పెంకు లాంటిది. జబ్బు ముదిరినకొద్దీ ఆ పెంకు ఇంకా మందమవుతుంది. చర్మానికి రాసే మామూలు మలాము ఆ పెంకు దాటి లోపలికి వెళ్లలేదు. రాసిన కాసేపటికి మేజోడుకో దుప్పటికో అంటుకుని పోతుంది.

ఈ మాట ఆయనతో అన్నాను. "అన్నా, మీరు రాసింది గోటి మీద. జబ్బు ఉన్నది గోటి కింద" అని. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "గట్లనా సాబ్? నూలును ఉడకబెట్టి జిడ్డు తీయకుండ రంగులేస్తే పైపైనే ఉంటది, లోపలికి దిగది. గిది గూడ గంతేనా?" అన్నారు. నేను పది నిమిషాలు చెప్పవలసింది ఆయన ఒక్క మాటలో చెప్పేశారు. గోటిని అరగదీయడమంటే నూలు జిడ్డు తీయడం లాంటిదే. ముందు ఆ పని జరిగితేనే మందు లోపలికి దిగుతుంది.

అయితే మందు మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష ఉంది. పచ్చబడిన ప్రతి గోరూ ఫంగస్ పట్టిన గోరు కాదు. బిగుతు చెప్పుల వల్ల, పాత దెబ్బ వల్ల, సోరియాసిస్ అనే చర్మవ్యాధి వల్ల కూడా గోరు అచ్చం ఇలాగే మందమై లేస్తుంది. చూసి మాత్రమే తేల్చడం మాకూ కష్టమే. అందుకని గోటి ముక్కను, దాని కింది పొడిని కొద్దిగా తీసి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో నానబెట్టి సూక్ష్మదర్శిని కింద చూస్తాం. ఫంగస్ ఉంటే దారపు పోగుల్లా కనిపిస్తుంది. ఖర్చు తక్కువ పరీక్ష. ఏడాది పాటు చేయవలసిన వైద్యానికి ముందు ఇది చేయించుకోవడం నష్టం కాదు. ఒకటి గుర్తుంచుకోండి. మందు రాస్తూ ఉండగా నమూనా తీస్తే ఫంగస్ ఉన్నా కనిపించకపోవచ్చు. అందుకే ఆయనను కొన్ని వారాలు ఏమీ రాయవద్దని పంపి, ఆ తరువాత నమూనా తీశాను. ఫంగస్ ఉన్నట్టే తేలింది.

ఇక గోటికి పనికివచ్చే మందు. ఇది చూడటానికి ఆడపిల్లలు వేసుకునే గోళ్లరంగు లాగే ఉంటుంది. ల్యాకర్ అంటారు. రాసిన కొద్ది నిమిషాల్లో ఆరి గోటి మీద పల్చని పొరగా నిలిచిపోతుంది. ఆ పొరలోంచి మందు రోజుల తరబడి మెల్లగా గోటిలోకి ఇంకుతుంది. మలాముకూ దీనికీ ఉన్న తేడా అదే. వీటిలో మన దేశంలో దొరికేవి ముఖ్యంగా రెండు. ఒకటి అమొరోల్ఫిన్ 5 శాతం. దీన్ని వారానికి ఒకసారి, అవసరమైతే రెండుసార్లు రాయాలి. రెండోది సైక్లోపిరాక్స్ 8 శాతం. దీన్ని సాధారణంగా రోజూ పాత పొర మీదే రాస్తూ, వారానికి ఒకసారి స్పిరిట్‌తో మొత్తం తుడిచి, గోరు అరగదీసి, మళ్లీ మొదలుపెట్టాలి. పెట్టె మీద ఏ పేరు ఉందో చూసుకోండి. ఒకదాని లెక్క రెండోదానికి పెడితే, రోజూ రాయవలసిన మందును వారానికొకసారి రాసి, పనిచేయలేదని మందును తిట్టుకోవలసి వస్తుంది.

ఆయనకు నేను అమొరోల్ఫిన్ రాసిచ్చాను. ఆయనకు ఆదివారం సెలవు. ఆదివారం పొద్దున స్నానం అయ్యాక రాయాలని రోజు ఖాయం చేశాం. వారానికొకసారి చేసే పనికి ఒక రోజును కట్టిపడేయకపోతే మరిచిపోతాం. రాసే పద్ధతి ఆయనకు చూపించినట్టే మీకూ చెబుతాను.

మొదటి వారం పాదాలను పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టండి. గోరు మెత్తబడుతుంది. కింద ఆధారం లేకుండా లేచి ఉన్న గోరు భాగాన్ని గోళ్ల కత్తెరతో కొద్దికొద్దిగా కత్తిరించండి. ఒక్కసారిగా లాగవద్దు, నొప్పి పుట్టేదాకా పోవద్దు. ఆ తరువాత పాదాన్ని, వేళ్ల సందులను పూర్తిగా తుడిచి ఆరనివ్వండి. తడి గోరు సరిగా అరగదు, మెత్తటి గోటిలో ఎంత అరిగిందో చేతికి తెలియదు.

ఇప్పుడు అరగదీయడం. మందుతో పాటు పెట్టెలో చిన్న ఆకురాయి పట్టీలు ఇస్తారు. ఉప్పుకాగితంలా గరుకుగా ఉంటాయి. లేకపోతే అలాంటివే బజారులో చవకగా దొరుకుతాయి. పాదం కింద ఒక పాత కాగితం పరచుకోండి. పచ్చబడిన భాగం పైతలాన్ని, ముఖ్యంగా మందంగా లేచిన చోటును, ఒకే దిశలో మెల్లగా రుద్దండి. కొసను మాత్రమే రుద్ది గుండ్రంగా చేయడం కాదు. పైభాగమే పలచబడాలి. ఎంత పలచబడాలి అంటే, జబ్బు గోరు పక్కనున్న మంచి గోటికన్నా ఎత్తుగా ఉండకూడదు. మెరుపు పోయి పైతలం గరుకుగా, సుద్దలా కనిపించాలి. వేడిగా గానీ నొప్పిగా గానీ అనిపిస్తే అక్కడితో ఆపండి. పక్క చర్మానికి పట్టీ తగలకూడదు. తగిలితే గీసుకుపోయి, అక్కడి నుంచే కొత్త గొడవ మొదలవుతుంది.

కాగితం మీద రాలిన పొడిలో ఫంగస్ ఉంటుంది. మడిచి పారేయండి. ఆ పట్టీని మంచి గోళ్లకు వాడకూడదు, ఇంట్లో ఇంకొకరికి ఇవ్వకూడదు. ఒకసారి వాడినది పారేయడమే పద్ధతి. ఆయన భార్య లెక్క తెలిసిన మనిషి. ఒక పట్టీని కత్తెరతో మూడు ముక్కలు చేసి, వారానికొక ముక్క వాడించారు. మంచి ఉపాయమే.

అరగదీశాక స్పిరిట్‌లో ముంచిన దూదితో గోటిని బాగా తుడవండి. పొడి, జిడ్డు, పోయిన వారం పొర అన్నీ పోవాలి. పాత పొర ఉండగా కొత్తది రాస్తే పొర మీద పొర పేరుకుని మందు పైనే ఉండిపోతుంది. స్పిరిట్ ఆరాక సీసాలో పుల్ల ముంచి తీయండి. దాన్ని సీసా మూతికి రాయవద్దు. మూతికి అంటితే మందు గడ్డకట్టి మూత రాదు. గోరంతటికీ, మంచి భాగంతో సహా, పలచగా పూయండి. కొస అంచు కింద కూడా తాకించండి. వెంటనే సీసా మూత బిగించండి. అయిదు నిమిషాలు ఆరనిచ్చి అప్పుడు మేజోడు వేసుకోండి. ఇంకో గోటికి రాయవలసి వస్తే పుల్లను స్పిరిట్ దూదితో తుడిచి మళ్లీ ముంచండి. స్పిరిట్, ఈ మందు రెండూ మంట అంటుకునేవి. పొయ్యి దగ్గర, బీడీ కాలుస్తూ ఈ పని చేయకండి. వైద్యం నడిచినన్నాళ్లు ఆ గోళ్లకు అలంకారం రంగు వేయకపోవడమే మంచిది. రంగు కింద జబ్బు ఎటు పోతున్నదో కనిపించదు.

మరి మలాము ఎందుకూ పనికిరాదా అని అడగవచ్చు. పనికివస్తుంది. గోటికి కాదు, చర్మానికి. ఆయన వేళ్ల సందులు తెల్లగా నాని, పొట్టు రాలుతూ ఉన్నాయి. అది ఫంగస్‌కు పుట్టిల్లు. అక్కడ వదిలేసి గోరు ఒక్కదానికి మందు రాస్తే, గోటిలో తగ్గినది మళ్లీ చర్మం నుంచి వస్తుంది. వేళ్ల సందులకు క్లోట్రిమజోల్ మలాము రోజుకు రెండుసార్లు నాలుగు వారాలు రాయించాను. చర్మం బాగుపడినట్టు కనిపించాక కూడా రెండు వారాలు కొనసాగించాలి. మలాము కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ఫంగస్ మందుతో పాటు స్టెరాయిడ్ కలిపిన మలాములు దుకాణాల్లో ఉంటాయి. రాసిన రెండు రోజుల్లో దురద పోతుంది, ఫంగస్ మాత్రం లోలోపల పెరుగుతుంది. పెట్టె మీద క్లోబెటసోల్, బెక్లోమెటసోన్ వంటి పేర్లు కనిపిస్తే వద్దనండి.

ఇక అసలు ప్రశ్న, ఎన్నాళ్లు. ఇక్కడే ఎక్కువమంది ఓడిపోతారు. ఆయన కూడా ఒకసారి ఓడిపోయారు.

పాడైన గోరు మందుతో తిరిగి బాగుపడదు. పచ్చని భాగం తెల్లబడదు. మందు చేసేదల్లా ఫంగస్‌ను ముందుకు పాకకుండా ఆపడం, చంపడం. మంచి గోరు మొదటి నుంచి కొత్తగా పెరిగి, పాడైన గోటిని ముందుకు తోసుకుంటూ రావాలి. కాలి బొటనవేలి గోరు నెలకు పెరిగేది ఒక మిల్లీమీటరు, మహా అయితే ఒకటిన్నర. వయసు పెరిగినకొద్దీ ఇంకా నెమ్మది. మొత్తం గోరు మారాలంటే ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. అందుకే కాలిగోళ్లకు ల్యాకర్ తొమ్మిది నెలల నుంచి పన్నెండు నెలలు రాయమంటాం. మందు బలం తక్కువై కాదు, గోరు నడక అంతే గనుక.

మరి మందు పనిచేస్తున్నదో లేదో అన్నాళ్లు ఎదురుచూడకుండా తెలుసుకోవడం ఎలా? పిల్లల స్కేలు చాలు. గోరు మొదలు నుంచి పచ్చదనం ఆరంభమయ్యే చోటు దాకా కొలవండి. అది మంచి గోరు పొడవు. నెలకొకసారి కొలిచి క్యాలెండరు మీద రాసుకోండి. ఆ అంకె పెరుగుతూ ఉంటే మందు గెలుస్తోంది. తగ్గుతూ ఉంటే ఫంగస్ గెలుస్తోంది.

ఆయన గోరు మొత్తం 18 మిల్లీమీటర్లు. మొదటి రోజు మంచి గోరు 10, పాడైనది 8. నాలుగు నెలలు ఆదివారం తప్పకుండా రాశారు. హోలీ నాటికి మంచి గోరు 14 అయింది. ఇంకా 4 మిల్లీమీటర్లు మిగిలే ఉంది. కాని వారం వారం అరగదీయడం వల్ల ఆ భాగం పలచబడి, చూపుకు బాగానే కనిపించింది. నొప్పి లేదు, మేజోడుకు తట్టుకోవడం లేదు. ఎండలు మొదలయ్యాయి, కార్ఖానాలో పని ఎక్కువయింది. మందు ఆపేశారు. వేళ్ల సందులు తుడుచుకోవడమూ ఆగిపోయింది.

మృగశిర కార్తెలో తిరిగి వచ్చారు. మంచి గోరు 11 మిల్లీమీటర్లు. మూడు నెలల్లో గోరు ముందుకు పెరుగుతూనే ఉంది, కాని ఫంగస్ అంతకన్నా వేగంగా వెనక్కు పాకింది. ఆయన ముఖం చిన్నబోయింది. "నాలుగు నెలల కష్టం నీళ్ల పాలాయె సాబ్" అన్నారు. "అన్నా, కష్టం పోలేదు. మందు పనిచేస్తుందని మీ క్యాలెండరే చెబుతున్నది కదా. ఆపిన రోజు తప్పు, అంతే" అన్నాను.

మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి బూట్ల సంగతి కూడా చూశాం. ఒకే జత రోజూ తొడిగితే లోపల తడి ఆరదు. రెండు జతలు పెట్టుకుని ఒకటి ఎండలో ఆరుతూ ఉండగా రెండోది వేసుకున్నారు. నూలు మేజోళ్లు రోజూ మార్చారు. వినాయక చవితికి 14. దీపావళికి 16. సంక్రాంతికి గోరు కొస దాకా శుభ్రం. అప్పుడు ఆయన అడిగిన మొదటి మాట, "ఇక ఆపనా?" అని.

ఆపవద్దన్నాను. గోటి పక్క గాడిలోను, కొస అంచు కిందను కంటికి కనబడని ఫంగస్ కొంత మిగిలి ఉంటుంది. మొదటిసారి మనల్ని మోసగించింది అదే. ఉగాది దాకా రాయించాను. రెండోసారి మొదలుపెట్టినప్పటి నుంచి అది తొమ్మిదో నెల. ఆపిన కొన్ని వారాలకు అంచు ముక్క తీసి పరీక్ష చేశాం. పోగులు కనబడలేదు. కనబడక, గోరు శుభ్రంగా పెరిగినప్పుడే నయమైందని అనాలి.

ఇప్పుడు ఈ మందు హద్దులు కూడా చెప్పాలి. అందరికీ ఇలా నయం కాదు. ఒక్క ల్యాకర్‌నే నమ్ముకున్నవారిలో పూర్తిగా బాగయ్యేవారు సగానికన్నా తక్కువే. ఆయన గోటిలో సగం దాకా జబ్బు పోలేదు, మొదలు వరకు చేరలేదు, ఉన్నది ఒక్క గోటికే. అలాంటివారికే ఇది తగిన మందు. పచ్చదనం గోరు మొదలు దాకా పోయినా, సగం గోటికి మించినా, నాలుగైదు గోళ్లకు పట్టినా, పైపూత చాలదు. టెర్బినఫిన్ మాత్రలు వేయాలి. సాధారణంగా రోజుకు 250 మిల్లీగ్రాములు, పన్నెండు వారాలు. కాలేయానికి రక్తపరీక్ష చేసి డాక్టరు ఇవ్వవలసిన మందు అది, దుకాణంలో అడిగి తెచ్చుకునేది కాదు. సక్రమంగా ల్యాకర్ రాస్తున్నా మూడు నెలలకు మంచి గోరు ఏమాత్రం పెరగకపోతే, లేదా పచ్చగీత వెనక్కి జరుగుతూ ఉంటే, తొమ్మిది నెలలు ఆగకండి. వెళ్లి చూపించుకోండి.

చక్కెర వ్యాధి ఉన్నవారు, పాదాలకు స్పర్శ తెలియనివారు, కాళ్లలో రక్తప్రసరణ తక్కువగా ఉన్నవారు ఇంట్లో గోరు అరగదీయకండి. గీసుకున్నా నొప్పి తెలియదు, ఆ గీత పుండుగా మారుతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లల విషయంలోనూ డాక్టరును అడగాలి. గోటి మీద నిలువుగా నల్లటి చార కొత్తగా కనిపించినా, గోటి చుట్టూ ఎర్రగా వాచి చీము పట్టినా, అది అరగదీసి మందు పూసే జబ్బు కాదు.

మొన్న ఆయన మనవడి చేయి పట్టుకుని దారిలో కనిపించారు. చెప్పులో వేలు చూపించి నవ్వారు. "క్యాలెండరు చింపలే సాబ్, గోడకే ఉంచిన" అన్నారు. ఆ క్యాలెండరు మీద పది నుంచి పద్నాలుగు, పదకొండు నుంచి పద్దెనిమిది అని రాసుకున్న అంకెలు ఉన్నాయి. మీలో ఎవరైనా ఈ మందు మొదలుపెట్టబోతూ ఉంటే, మందు సీసా తెచ్చిన రోజే స్కేలు తీసి మొదటి అంకె రాసుకోండి. ఆపే రోజు ఎప్పుడో ఆ అంకెలే చెబుతాయి.